గులిమి పట్టిన చెవి: పుల్ల పెట్టే ముందు, నీళ్ళు కొట్టించే ముందు

ఆదివారం తలంటి పోసుకుని బయటికి రాగానే ఒక చెవి దిబ్బడ వేస్తుంది. తల పక్కకు వంచి గెంతినా, చిటికెన వేలు పెట్టి ఆడించినా లాభం ఉండదు. సాయంత్రమైనా తగ్గదు. ఆ చెవికి ఫోను ఆనిస్తే అవతలివాళ్ళు ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టుంటుంది. తన గొంతు మాత్రం తన తలలోనే మోగుతుంటుంది. నీళ్ళు పోయి ఉంటాయనుకుని ఇంట్లో ఉన్న ఇయర్ బడ్ తీస్తారు. దానితో నాలుగు తిప్పులు తిప్పాక చెవి పూర్తిగా మూసుకుపోతుంది.

చాలాసార్లు అక్కడ జరిగింది వేరు. చెవిలో గులిమి కొన్ని నెలలుగా పేరుకుంటూ ఉంటుంది. కొన్ని ప్రాంతాల్లో దీన్నే గుబిలి అంటారు. గులిమికీ చెవి గోడకూ మధ్య వెంట్రుకంత సందు మిగిలి ఉన్నా శబ్దం లోపలికి వెళ్ళిపోతుంది కాబట్టి మనిషికి తేడా తెలియదు. తలస్నానం నీళ్ళు తగలగానే గులిమి ఉబ్బుతుంది, మిగిలిన ఆ సందు కాస్తా మూసుకుపోతుంది. నెలల తరబడి పేరుకున్నది ఒక్క పూటలో బయటపడటానికి కారణం ఇదే.

మన దేశంలో ఇది చిన్న సంఖ్య కాదు. చెవుడు నివారణకు కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేలో, చికిత్సతో పోయే వినికిడి లోపానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం గులిమే. దాని వాటా సుమారు 16 శాతం. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2017లో సవరించి విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పిల్లల్లో పదిమందిలో ఒకరికి, పెద్దవాళ్ళలో ఇరవైమందిలో ఒకరికి గులిమి గట్టిపడి అడ్డంపడే సమస్య ఉంటుంది. వృద్ధుల్లో ఇది మూడో వంతు దాటుతుంది.

తనంతట తానే బయటికొచ్చే చెత్త

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి వరకు ఉన్న నాళం పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అది తిన్నగా ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. బయటివైపు మూడో వంతు మెత్తని మృదులాస్థి, దాని మీద కాస్త మందమైన చర్మం, వెంట్రుకలు. లోపలి రెండు వంతులు ఎముక. ఆ ఎముక మీద చర్మం ఉల్లిపొరంత పలచన. అందుకే లోపల ఏది తగిలినా ప్రాణం జివ్వుమంటుంది.

గులిమి తయారుచేసే గ్రంథులు బయటి మూడో వంతులోనే ఉంటాయి. కర్ణభేరి దగ్గర గులిమి పుట్టదు. డాక్టరు లైటు వేసి చూసినప్పుడు కర్ణభేరిని ఆనుకుని గులిమి ముద్ద కనబడితే, దాన్ని ఎవరో లోపలికి నెట్టారని దాదాపుగా అర్థం.

ఆ గ్రంథులు వదిలే జిడ్డు, రాలిన చర్మం పొట్టు, దుమ్ము, వెంట్రుకలు కలిస్తే గులిమి. అందులో సగానికి పైగా చర్మం పొట్టే. దానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, నీటిని అంటనివ్వదు. అందువల్ల సూక్ష్మక్రిములు, బూజు అంత తేలికగా పెరగవు. అంటే అది మురికి కాదు, చర్మానికి పూత.

దాన్ని బయటికి తెచ్చే ఏర్పాటు కూడా చెవిలోనే ఉంది. ఒంటి మీద మిగతాచోట్ల చర్మం పుట్టినచోటే పొట్టుగా రాలిపోతుంది. చెవిలో అలా కాదు. కర్ణభేరి నడిమధ్యన పుట్టిన చర్మపు పొర పక్కలకు జరిగి, నాళం గోడ మీదుగా మెల్లగా బయటికి నడుస్తుంది. రోజుకు మిల్లీమీటరులో పదో వంతు, అంటే గోరు పెరిగేంత వేగం. ఆ పొరతో పాటే గులిమీ బయటికొస్తుంది. అన్నం నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కదలడం దానికి తోడవుతుంది. చివరికి పొడిపొడిగా రాలిపోతుంది, స్నానంలో కొట్టుకుపోతుంది.

ఈ నడక కొందరిలో మందగిస్తుంది. వయసు పైబడినకొద్దీ గులిమి ఎండి గట్టిపడుతుంది, చెవిలో వెంట్రుకలు ముతకబారి దారికి అడ్డం పడతాయి. కొందరికి పుట్టుకతోనే నాళం సన్నం. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ళకు, గంటల తరబడి చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు వాడేవాళ్ళకు బయటి ద్వారమే మూసి ఉంటుంది. వీళ్ళకు బడ్ పెట్టకపోయినా గులిమి పేరుకోవచ్చు. మిగతావాళ్ళలో ఎక్కువమంది చేతులారా తెచ్చుకునేదే.

బడ్ చేసే పని

బడ్ చివర దూది ఉంటుంది కాబట్టి అది తుడుస్తుందనే అనుకుంటాం. నాళం వెడల్పు సుమారు ఏడు మిల్లీమీటర్లు. దూది చుట్టిన పుల్ల అందులో దూరితే పక్కల మిగిలే జాగా కొద్దిగానే. పైపైన ఉన్న గులిమి కాస్త దూదికి అంటుకుని బయటికొస్తుంది. పసుపుపచ్చగా కనబడిన ఆ మరక చూసి చెవి శుభ్రపడిందని తృప్తి. దూది ముందున్నదంతా మాత్రం లోపలికి వెళ్తుంది. దీపావళికి చిచ్చుబుడ్డిలో మందు పోసి పుల్లతో అదిమి అదిమి కూరినట్టు, ప్రతి స్నానం తర్వాత ఇంకొంచెం లోతుకు, ఇంకొంచెం గట్టిగా దట్టిస్తూ పోతాం.

మృదులాస్థి, ఎముక కలిసేచోట నాళం కాస్త సన్నబడుతుంది. గులిమి ఆ ఇరుకు దాటి ఎముక భాగంలోకి పడితే తిరిగి రావడం కష్టం. అక్కడ తేమ ఆరి రాయిలా మారుతుంది, కర్ణభేరికి ఆనుకుంటుంది. అప్పుడే దిబ్బడ, హోరు, ఒక్కోసారి తల తిరుగుడు మొదలవుతాయి. కొందరికి పొడి దగ్గు కూడా వస్తుంది. నాళంలోని చర్మానికి వేగస్ అనే నరం కొమ్మ ఒకటి వస్తుంది. గొంతుకూ ఊపిరితిత్తులకూ వెళ్ళేది కూడా ఆ నరమే. అందుకే చెవిలో రాపిడి జరిగితే గొంతులో కిచకిచ పుట్టి దగ్గు వస్తుంది. చెవిలో పుల్ల తిప్పుతుంటే దగ్గు రావడం కొంతమందికి అనుభవమే.

బడ్ దురదను కూడా పెంచుతుంది. గులిమి పూత పోయిన చర్మం ఎండిపోతుంది, ఎండితే దురద పుడుతుంది. దురద పుడితే మళ్ళీ బడ్. ఆ గీతల్లోంచి క్రిములు దూరితే చెవిపోటు వస్తుంది, చెవి డొప్ప ముట్టుకుంటేనే ప్రాణం పోయినట్టుంటుంది.

అమెరికాలోని నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 1990 నుంచి 2010 వరకు ఆ దేశపు ఎమర్జెన్సీ విభాగాల లెక్కలు తీసి 2017లో ప్రచురించారు. ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో బడ్ వల్ల చెవికి దెబ్బ తగిలి వచ్చిన పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలు సుమారు 2,63,000 మంది. సగటున రోజుకు 34 మంది. నలుగురిలో ముగ్గురికి చెవి శుభ్రం చేసుకుంటుండగానే దెబ్బ తగిలింది. దాదాపు పావు వంతు మందికి కర్ణభేరికి చిల్లు పడింది. అది దూది ఉన్న పుల్ల లెక్క. మన ఇళ్ళలో తలపిన్ను, పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, బండి తాళంచెవి కూడా చెవిలోకి పోతాయి. వాటికి ఎవరూ లెక్కలు కట్టలేదు కానీ, వాటికి దూది మెత్తదనం కూడా లేదు.

చెవి డొప్పనూ రంధ్రం అంచునూ తడిగుడ్డతో తుడుచుకుంటే శుభ్రం చేయడం అయిపోయినట్టే.

ముందు మెత్తబరచాలి

ఇబ్బంది ఏమీ లేకపోతే గులిమి జోలికి పోనక్కర్లేదు. దిబ్బడ, వినికిడి తగ్గడం, హోరు, దురద లాంటివి ఉన్నప్పుడు, లేదా డాక్టరు కర్ణభేరిని చూడాల్సి వచ్చి గులిమి అడ్డం ఉన్నప్పుడు తీయాలి. తీయడంలో మొదటి మెట్టు మెత్తబరచడం.

మెడికల్ షాపులో దొరికే చుక్కలు మూడు రకాలు. నూనె తరహావి గులిమిని నానబెట్టి జారేలా చేస్తాయి. శుభ్రమైన ఆలివ్ నూనె ఈ కోవలోదే. నీటి తరహావి గులిమిలోకి దిగి దాన్ని విడగొడతాయి. గ్లిజరిన్‌లో కలిపిన సోడా బైకార్బొనేట్ చుక్కలు ఈ రకం. దీన్ని వంటసోడాతో ఇంట్లో కలుపుకోకూడదు, తయారైన సీసానే కొనాలి. నురుగు వచ్చేవి మూడో రకం. వాటిలో పెరాక్సైడ్ ఉంటుంది, చెవిలో బుసబుసమంటాయి. ఇవి కాక పారాడైక్లోరోబెంజీన్, బెంజొకైన్, టర్పెంటైన్ కలిసిన చుక్కలు మన దగ్గర ఎక్కువగా అమ్ముతారు. కొందరికి వాటితో చర్మం మండుతుంది కాబట్టి డాక్టరు రాసిస్తేనే వాడటం మంచిది.

ఏది మేలైనదన్న ప్రశ్నకు జవాబు వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఈ చుక్కల మీద జరిగిన పది అధ్యయనాలను కాక్రేన్ అనే అంతర్జాతీయ సమీక్షా సంస్థ 2018లో ఒకచోట చేర్చి చూసింది. ఒక మందు ఇంకో మందు కంటే మెరుగని తేలలేదు. ఉత్త నీళ్ళు, ఉప్పునీటి ద్రావణం కూడా మందు చుక్కలకు తీసిపోయాయని గట్టిగా చెప్పలేకపోయారు. అయిదు రోజులు చుక్కలు వేస్తే పూర్తిగా శుభ్రపడిన చెవులు 22 శాతం. ఏమీ వేయనివాటిలో 5 శాతం. ఆధారాలు అంత బలమైనవి కావని ఆ సమీక్షే చెప్పింది. అంటే ఖరీదైన సీసా కోసం వెతకనక్కర్లేదు. చుక్కలతోనే చెవి తెరుచుకుంటుందని కూడా నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. చాలామందికి చుక్కలు రెండో మెట్టుకు తయారీ మాత్రమే.

వేసే పద్ధతిలో మాత్రం తేడా ఉంది. సీసాను రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుంటే ఒంటి వేడికి వస్తుంది. పొయ్యి మీద కాచకూడదు. మూసుకున్న చెవి పైకి ఉండేలా పక్కకు తిరిగి పడుకోవాలి. ఇంకొకరు చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే నాళం వంపు తిన్నగా అవుతుంది. చిన్నపిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగాలి. రెండు మూడు చుక్కలను నట్టనడుమ పడకుండా గోడ వెంట జారనివ్వాలి. అప్పుడు లోపలి గాలికి బయటికొచ్చే దారి ఉంటుంది, చుక్క అడుగుకు చేరుతుంది. రంధ్రం ముందు చిన్న బుడిపె లాంటి భాగం ఉంటుంది కదా, దాన్ని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి వదలాలి. అయిదు నుంచి పది నిమిషాలు అలాగే పడుకోవాలి. లేచాక కారినదాన్ని బయటే తుడవాలి. లోపల దూది కుక్కకూడదు, అది చుక్కను పీల్చేస్తుంది.

ఆలివ్ నూనెనైతే రోజుకు మూడు నాలుగుసార్లు చొప్పున మూడు నుంచి అయిదు రోజులు వేయమని బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ చెబుతుంది. మందు సీసాలకు వాటి మీద రాసిన మోతాదే పాటించాలి. మొదటి రెండు రోజుల్లో దిబ్బడ ఇంకా ఎక్కువ కావచ్చు, ఎందుకంటే నానిన గులిమి ఉబ్బుతుంది. దీనికి భయపడి బడ్ పట్టుకుంటే చేసిందంతా వృథా. రెండు వారాల లోపల తునకలుగా రాలిపోవచ్చు. నొప్పి, మంట, తల తిరుగుడు వస్తే మాత్రం ఆపేయాలి.

వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన నూనె పోయడం మన ఇళ్ళలో పాత అలవాటు. మోచేతి మీద వేసుకుని వేడి చూసినా, లోపలి పలచని చర్మానికి అది ఎక్కువ కావచ్చు. గరిటెలోంచి సరాసరి పోసి కాలిన చెవులూ ఉంటాయి. పైగా వంటింటి నూనె శుభ్రమైనదని చెప్పలేం. చెమ్మ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలో చెవికి బూజు పట్టడం మామూలే. చెవిపోటుకు గులిమే కారణమని నిశ్చయం లేనప్పుడు ఏ నూనె పోసినా గుడ్డిగా పోసినట్టే.

ఎవరు అసలు చుక్కలే వేసుకోకూడదు? కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు, ఉందని అనుమానం ఉన్నవాళ్ళు, చెవి కారుతున్నవాళ్ళు, చెవిపోటు ఉన్నవాళ్ళు, చెవికి ఆపరేషన్ అయినవాళ్ళు, పిల్లల్లో కర్ణభేరికి చిన్న గొట్టం అమర్చినవాళ్ళు. చిల్లు ఉన్నట్టు ఇంట్లోనే తెలిసే గుర్తులు ఒకటి రెండున్నాయి. చెవిలో వేసిన చుక్కల చేదు గొంతులో తగిలితే ద్రవం కర్ణభేరి దాటి, మధ్య చెవి నుంచి ముక్కు వెనకకు పోయే సన్నటి దారిన దిగిందని అర్థం. ముక్కు చీదినప్పుడు చెవిలోంచి గాలి తుస్సుమన్నా అంతే. ఈ గుర్తులు లేనంతమాత్రాన చిల్లు లేదని మాత్రం కాదు.

నీళ్ళు కొట్టడం, తల తిరగడం

మెత్తబడ్డ గులిమిని గోరువెచ్చని నీటి ధారతో బయటికి తేవడమే సిరంజింగ్. మన ఊళ్ళలో దీన్ని చెవిలో నీళ్ళు కొట్టించుకోవడం అంటారు. ధారను కర్ణభేరి మీదికి కొట్టరు. డొప్ప లాగి పట్టుకుని, నాళం పైగోడకు కాస్త వెనకవైపు తగిలేలా వదులుతారు. నీరు గోడ వెంట లోపలికి వెళ్ళి, గులిమి వెనక చేరి, దాన్ని ముందుకు తోసుకుంటూ వస్తుంది. సిరంజి మూతి నాళాన్ని పూర్తిగా మూయకూడదు. మూస్తే తిరిగొచ్చే నీటికి దారి లేక ఒత్తిడంతా కర్ణభేరి మీద పడుతుంది. నొప్పి అనగానే ఆపాలి.

నీటి వేడి ఒంటి వేడితో సమానంగా, 37 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇందులో ఒక నోబెల్ బహుమతి కథ ఉంది. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే యువ వైద్యుడు రోగుల చెవులకు నీళ్ళు కొట్టేవాడు. చాలామంది తల తిరుగుతోందనేవాళ్ళు. వాళ్ళ కళ్ళు చూస్తే నల్లగుడ్లు లయగా ఒక పక్కకు అదురుతూ ఉండేవి. ఒకనాడు ఒక రోగి, నీళ్ళు తగినంత వెచ్చగా లేనప్పుడే తనకు తల తిరుగుతుందని చెప్పాడు. వెచ్చగా చేస్తే తిరగదన్నమాట అనుకుని బరానీ వేడినీళ్ళు పట్టించాడు. మరో రోగికి వేడి ఎక్కువైంది. అప్పుడు కూడా తల తిరిగింది కానీ కళ్ళు వ్యతిరేక దిశలో అదిరాయి. లోపలి చెవిలో అర్ధవలయాకారపు గొట్టాల్లో ద్రవం ఉంటుంది. చల్లబడితే అది ఒక పక్కకు, వేడెక్కితే రెండో పక్కకు కదులుతుందని, ఆ కదలికే శరీరం తిరుగుతున్నట్టు మెదడును నమ్మిస్తుందని ఆయన వివరించాడు. ఆ పరిశోధనకే 1914 నోబెల్ వైద్య బహుమతి దక్కింది. ఆ వార్త తెలిసేసరికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు చిక్కిన యుద్ధఖైదీ. 1916లో స్వీడన్ యువరాజు కార్ల్ మధ్యవర్తిత్వంతో విడుదలయ్యాడు. నేటికీ తల తిరిగే జబ్బులకు చేసే పరీక్షల్లో చెవిలో చల్లని, వెచ్చని నీళ్ళు పట్టించి చూసే పద్ధతి అదే.

పరికరం కూడా ముఖ్యమే. పెద్ద స్టీలు సిరంజిలో ధార ఎంత జోరుగా వస్తుందో చేతి బలాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చేతి సిరంజి వద్దని, ఒత్తిడి అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరమే వాడాలని చెప్పింది. ముందుగా చుక్కలతో మెత్తబరచాలి. మొదటిసారి రాకపోతే చెవిలో నీళ్ళు వేసి పావుగంట ఆగి ఇంకోసారి ప్రయత్నించవచ్చు. రెండోసారీ రాకపోతే స్పెషలిస్టు దగ్గరికి పంపాలి. మన దగ్గర చాలా క్లినిక్కుల్లో ఇప్పటికీ చేతి సిరంజే ఉంది కాబట్టి, అది పట్టుకునే మనిషి చెవిలోకి లైటు వేసి చూశాకే మొదలుపెట్టాడా లేదా అన్నది ఇక్కడ మరింత ముఖ్యం.

చిన్నప్పుడు చెవి కారేదా?

ఈఎన్‌టీ ఓపీలో తరచుగా ఎదురయ్యే తరహా కేసు ఒకటి చూద్దాం. అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ మాస్టారు. తలస్నానం తర్వాత ఎడమ చెవి దిబ్బడ వేసి నాలుగు రోజులైంది. కోడలికి పోయిన నెల ఇదే ఇబ్బంది వస్తే చుక్కలు వేసి, అయిదో రోజు నీళ్ళు కొడితే పెద్ద నల్లటి ముద్ద ఊడి పడింది. అప్పుడే చెవి తెరుచుకుంది. తనకూ అదే చేయమని ఆయన అడుగుతాడు.

డాక్టరు చూస్తే నాళం నిండా ముదురు గోధుమరంగు గులిమి. కర్ణభేరి ఏ మూలా కనబడదు.

"మాస్టారూ, చిన్నప్పుడు ఈ చెవి ఎప్పుడైనా కారేదా?"

"కారేదండీ. అయిదో తరగతిలో ఉన్నప్పుడు వానాకాలం వస్తే చాలు, చీము. మా అమ్మ గుడ్డ ఒత్తి పెట్టేది. పెద్దయ్యాక దానంతట అదే ఆగిపోయింది."

"చెరువులో ఈత కొట్టినా, జలుబు చేసినా మళ్ళీ వచ్చేదా?"

"కాలేజీ రోజుల్లో ఒకటి రెండుసార్లు వచ్చింది. ఆ తర్వాత లేదు."

ఆ మాటతో సిరంజి పక్కకు పోతుంది. చుక్కలు కూడా రాయరు. కారడం ఆగిందంటే చిల్లు పూడిందని కాదు. అంచులు ఎండి, చిల్లు అలాగే దశాబ్దాలు ఉండిపోవచ్చు. పూడినా అక్కడి పొర పలచగా ఉండి నీటి ఒత్తిడికి చిరగవచ్చు. నీరు చిల్లులోంచి మధ్య చెవిలోకి పోతే, నలభై ఏళ్ళుగా నిద్రపోయిన చీము మళ్ళీ మొదలవుతుంది. చల్లటి నీరు లోపలి చెవికి అంత దగ్గరగా తగిలితే కుర్చీలోంచి పడిపోయేంతగా తల తిరుగుతుంది.

మాస్టారిని మైక్రోస్కోపు కింద పడుకోబెడతారు. సన్నటి సక్షన్ గొట్టంతో, చివర చిన్న ఉంగరంలా ఉండే పనిముట్టుతో పొర పొరగా పొడిగానే గులిమి తీస్తారు. సక్షన్ చప్పుడు పెద్దగా ఉంటుంది, ఒక్కోసారి కొద్దిగా కళ్ళు తిరుగుతాయి. కానీ ఎక్కడ ఏం తగులుతోందో డాక్టరు కంటికి కనబడుతూనే ఉంటుంది. పది నిమిషాల్లో నాళం ఖాళీ అవుతుంది. కర్ణభేరి కింది సగంలో కందిగింజ పట్టేంత చిల్లు, పొడిగా, నున్నటి అంచులతో బయటపడుతుంది.

కోడలి చెవికి సరిపడిన వైద్యం మామగారి చెవికి చేటు చేసేది. ఇద్దరికీ తేడా ఒక్క ప్రశ్నలో తేలింది.

నీళ్ళు కొట్టకూడని సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. గత ఆరు వారాల్లో చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు, చెవికి ఆపరేషన్ అయినవాళ్ళు, కర్ణభేరికి గొట్టం ఉన్న పిల్లలు, పుట్టుకతో అంగిలి చీలిక ఉన్నవాళ్ళు (కుట్టు వేయించుకున్నా సరే), గతంలో సిరంజింగ్‌తో ఇబ్బంది పడినవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. ఒక చెవి పూర్తిగా పోయి రెండో చెవితోనే వింటున్నవాళ్ళకు ఆ వినే చెవిలో నీళ్ళు కొట్టరు. వెయ్యిమందిలో ఒకరికి తీవ్రమైన ఇబ్బంది రావచ్చని బ్రిటన్‌లో ఒక అంచనా ఉంది. రెండు చెవులున్నవాళ్ళకు అది చిన్న అవకాశం, ఉన్నది ఒక్కటే అయినప్పుడు కాదు.

పిల్లలు చెవిలో శనగగింజో బఠాణీయో పెట్టుకుంటే నీళ్ళు అసలు తగలనివ్వకూడదు. గింజ నాని ఉబ్బి బిగుసుకుపోతుంది. గడియారాల్లో, ఆటబొమ్మల్లో వాడే బటన్ బ్యాటరీ అయితే నీళ్ళూ చుక్కలూ ఏవీ వేయకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తడి తగిలితే అది చర్మాన్ని కాల్చేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. వాళ్ళ గులిమిలో ఆమ్ల గుణం తక్కువ, నాళంలో చిన్న గీత పడినా మానడం ఆలస్యం. నీళ్ళు కొట్టాక లోపల తడి మిగిలితే సూడోమోనాస్ అనే క్రిమి ఆ గీతలోంచి దిగి పుర్రె ఎముకదాకా పాకవచ్చు. అరుదే కానీ ప్రాణాంతకం. షుగర్ ఉందని తెలిస్తే డాక్టరు పొడిగా తీయడానికే మొగ్గుతారు, లేదా నీళ్ళు కొట్టాక చెవిని పూర్తిగా ఆరబెడతారు. తర్వాత రోజుల్లో నిద్ర పట్టనివ్వని చెవిపోటు, చీము కనబడితే మరునాటికి వాయిదా వేయకూడదు.

దిబ్బడంతా గులిమి కాదు

ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే అది గులిమే అనుకుని వారం పాటు చుక్కలు వేస్తూ కూర్చోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. లోపలి చెవి నరం ఒక్కసారిగా దెబ్బతిన్నా సరిగ్గా అదే దిబ్బడ, అదే హోరు. దానికి స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా, కొద్ది రోజుల్లోనే మొదలుపెడితే అంత మేలు. ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని ఊఁ అని కూనిరాగం తీయాలి. ఆ శబ్దం మూసుకున్న చెవిలోనే గట్టిగా వినబడితే అడ్డంకి బయట ఉన్నట్టు, బాగున్న చెవిలో గట్టిగా వినబడితే నరం మీద అనుమానం. డాక్టరు 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కును మోగించి నుదుటి మీద ఆనించి చేసేది దాదాపు ఇదే. ఈ పరీక్ష తొందరపెట్టడానికే కానీ ఊరుకోవడానికి కాదు. దీని జవాబు ఏదైనా, హఠాత్తుగా వినికిడి తగ్గితే ఒకటి రెండు రోజుల్లో చెవి చూపించుకోవాల్సిందే. హైదరాబాద్ కోఠిలోనూ విశాఖపట్నంలోనూ కేవలం చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి.

గులిమి తీశాక పని అయిపోదు. కర్ణభేరిని చూడాలి, వినికిడి తిరిగి వచ్చిందో లేదో అడగాలి. గులిమి పోయినా వినికిడి పూర్తిగా రాకపోతే ఆడియోగ్రామ్ తీయాలి. మాస్టారికి అదే చేస్తారు. చిల్లు ఉన్న చెవిలో కొంత లోపం, వయసు వల్ల రెండు చెవుల్లోనూ సన్నని శబ్దాలు తగ్గడం అందులో కనబడతాయి. గులిమి ఉన్నంతకాలం ఇంట్లోవాళ్ళు ఆ రెండింటినీ గులిమి ఖాతాలోనే వేశారు. తలస్నానానికి వ్యాజలీన్ రాసిన దూది ఉండను రంధ్రం అంచున మాత్రమే పెట్టుకోమని, అయిపోగానే తీసేయమని, లోపల ఏ చుక్కలూ వేయవద్దని రాసిస్తారు. చిల్లు మూయించుకునే ఆపరేషన్ గురించి ఆలోచించుకుని చెప్పమంటారు. గులిమి మళ్ళీ మళ్ళీ పేరుకునే తత్వం ఉన్నవాళ్ళు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ళు అంతకంటే ముందే చూపించుకోవాలి. మాస్టారికి ఇచ్చిన తేదీ ఆరు నెలల తర్వాతది.